పాలుపంచుకున్నాడు

నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో అతన్ని అందరూ ‘నిదానం’ అనేవాళ్ళు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఎవరు తొందరపెట్టినా, “నిదానం, నిదానం, నీళ్ళెక్కడికీ పారిపోవు” అనేవాడు. పారిపోయేవి నీళ్ళే కదరా నాయనా అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు కానీ చేతిలోని గొట్టం మీంచి చూపు మాత్రం తిప్పేవాడు కాదు.

అద్దాల గదిలో కూర్చునే మేనేజర్‌కి అతనంటే అభిమానం. ఆవిడకి యాభై దాటింది. పెళ్ళి చేసుకోలేదు. స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా రిటైరైన అక్కతో కలిసి ఉంటుంది. పద్దెనిమిది మంది పనిచేసే ల్యాబ్‌లో, తను మళ్ళీ సరిచూడక్కర్లేకుండా సంతకం పెట్టగలిగే కాగితాలు ఒక్క నిదానానివేనని అక్కతో చాలాసార్లు చెప్పింది.

ఓ సోమవారం పొద్దున్నే అతను ఫైలొకటి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“మేడమ్, ఓ అయిదు నిమిషాలు ఉంటాయా?”

“నీ అయిదు నిమిషాలంటే అరగంట. రా, కూర్చో.”

అతను కూర్చుని ఫైలు తెరిచి, మళ్ళీ మూసి, చెప్పాడు. విదేశంలో ఒక యూనివర్సిటీ. తాగునీటి శాస్త్రంలో రెండేళ్ళ మాస్టర్స్. స్కాలర్‌షిప్ వస్తే ఖర్చంతా వాళ్ళదే. కాకపోతే వయసు ముప్పై నాలుగు దాటకూడదు.

“వచ్చే ఏడాదికి దాటిపోతుంది మేడమ్. నాకిదే ఆఖరు.”

“ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా?”

“పాపకి స్కూలు కుదరాలని ఒక ఏడాది, మా ఆవిడ నర్సింగ్ పరీక్షలని ఒక ఏడాది. నా సంగతి తెలుసుగా మేడమ్.”

మూడు సిఫార్సు ఉత్తరాలు కావాలట. రెండు కాలేజీలో చదువు చెప్పినవాళ్ళు ఇస్తామన్నారు. మూడోది ఉద్యోగం చేసే చోటినుంచి, అతని పనిని దగ్గరుండి చూసిన పై అధికారి రాయాలి. అప్లికేషన్‌లో ఆవిడ పేరు, ఆఫీసు ఈమెయిల్ ఇస్తే, యూనివర్సిటీయే నేరుగా ఆవిడకి లింకు పంపిస్తుంది. ఆఖరు తేదీకి ఇంకా ఆరు వారాలుంది.

“ఇంత ముందుగా అడిగినవాణ్ణి నిన్నే చూశాను. సరే, నువ్వే ఏదో రాసుకొచ్చెయ్యి. చదివి సంతకం పెట్టేస్తాను. అందరూ చేసేదదే.”

నిదానం ఇబ్బందిగా కదిలాడు. “వద్దని రాశారు మేడమ్. ఎవరి ఉత్తరం వాళ్ళే రాయాలట. నేను చూడకూడదు కూడా. చూసే హక్కు వదులుకుంటున్నానని టిక్ పెట్టేశాను.”

“వదులుకోకపోతే చూడొచ్చా?”

“చూడొచ్చట. కానీ అప్పుడు రాసినవాళ్ళు మొహమాటపడి ఉంటారని వాళ్ళు అనుకుంటారట. అయినా మీరు రాసేది నేను చూడ్డమెందుకు మేడమ్?”

ఫైల్లోంచి ఒక్క కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఏ సంవత్సరం చేరాడు, ఏ యంత్రం మీద పనిచేశాడు, ఏ పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాడు, అంతా తేదీలతో ఉంది. ఆవిడకి జ్ఞాపకం ఉండడానికని చెప్పాడు. తను రాసిన వ్యాసం కూడా చూస్తారా అని అడిగాడు. ‘మీ అంతట మీరు కనిపెట్టి పరిష్కరించిన ఒక సమస్య గురించి రాయండి’ అన్నారట.

“నువ్వు బాగానే రాస్తావులే. నాకెందుకు?” అందావిడ, మోగుతున్న ఫోన్ అందుకుంటూ.

లింకు ఆ వారమే వచ్చింది. ఆవిడ దాన్ని తెరిచింది మాత్రం నెల గడిచాక, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర. అక్క కిటికీ పక్కన కూర్చుని పేపర్ చదువుకుంటోంది.

ముందు చిన్న చిన్న ప్రశ్నలు. ఎన్నాళ్ళుగా తెలుసు? ఏ హోదాలో తెలుసు? తర్వాత ఒక పట్టీ. సొంతంగా ఆలోచించే శక్తి, రాత, నిజాయితీ, నలుగురితో కలిసి పనిచేసే తీరు. ఇలాంటి ఉద్యోగం చేసే మిగతావాళ్ళతో పోలిస్తే ఇతను నూటికి మొదటి ఇద్దరిలో ఉంటాడా, పదిమందిలోనా, పాతికమందిలోనా? నిజాయితీ దగ్గర ఆవిడ తడుముకోకుండా మొదటి గడిలో గుర్తు పెట్టింది. ‘సొంతంగా ఆలోచించే శక్తి’ దగ్గర కూడా మొదటి గడే నొక్కింది. వెంటనే కింద ఒక పెట్టె తెరుచుకుంది. ‘మీ అభిప్రాయానికి ఆధారంగా ఒక సంఘటన చెప్పండి.’

ఆవిడ చేతులు అక్కడే ఆగిపోయాయి.

సంఘటన ఒకటుంది. అదొక్కటి చాలు.

ఆరేళ్ళ కిందటి మాట. ఊళ్ళో ఒక పాత పేటలో నీళ్ళు బాగా లేవని, పిల్లలకి ఒంట్లో బాగుండడం లేదని గొడవ జరిగింది. ఆ పేట కుళాయిల నీళ్ళు తెచ్చి, వాటిలో సీసం ఎంతుందో చూశారు. ఏమీ లేదన్నంత తక్కువగా వచ్చింది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, నిదానం తప్ప. పాత పైపులున్న పేటలో అంత తక్కువ రావడమేమిటని అతను ఖాళీ చెయ్యని సీసాలన్నీ మళ్ళీ ముందేసుకున్నాడు. వాటిలో ఆమ్లం కలపలేదని తేలింది. ఆమ్లం కలపకపోతే సీసం నీళ్ళలో ఉండకుండా సీసా గోడలకి పట్టేస్తుంది. పైనున్న నీళ్ళని కొలిస్తే ఏం కనపడుతుంది? అతను ఆ సీసాల్లోనే ఆమ్లం వేసి, రోజంతా అలా ఉంచి, మళ్ళీ కొలిచాడు. అంకెలు ఉండాల్సినదానికి అయిదింతలయ్యాయి. అనుమానం తీరక కొత్తగా నీళ్ళు తెప్పించి, అప్పటికప్పుడే ఆమ్లం కలిపి చూశాడు. అవే అంకెలు. సీసంలో సీసా కాదు, సీసాలో సీసం అని ల్యాబ్‌లో చాలాకాలం నవ్వుకున్నారు. ఆ పేటలో పైపులన్నీ మార్చారు.

ఆ నాలుగు రోజులూ ఆవిడ ల్యాబ్‌లో లేదు, సెలవులో ఉంది. వచ్చేసరికి నిదానం రిపోర్టు మొత్తం తయారుచేసి ఉంచాడు. అట్ట మీద ‘పరిశీలించినవారు’ అన్నచోట, అంటే పని చేసినవాళ్ళ పేరు ఉండాల్సినచోట, ఖాళీ. “మీరు సంతకం పెడితేనే కదా మేడమ్ బయటికి వెళ్ళేది” అన్నాడు. ఆవిడ సంతకం పెట్టింది. ఖాళీలో తన పేరే రాసింది. ఆ పూట దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు కూడా. తర్వాత డైరెక్టర్ గారు పెద్ద మీటింగులో ఆవిణ్ణి నిలబెట్టి పొగిడినప్పుడు, ఇది మా కుర్రాడి పని అని చెబుదామనుకుంది. చప్పట్లు అయ్యాక చెబుదామనుకుంది. ఆ ఏడాదే మేనేజర్ అయింది. ఇక చెప్పడానికి సందు దొరకలేదు.

ఇప్పుడా డైరెక్టర్ గారు మూడు నెలల్లో రిటైరవుతున్నారు. ఆ కుర్చీకి ఆవిడ పేరే వినపడుతోంది. సంస్థ లెటర్‌హెడ్ మీద వెళ్ళే ప్రతి ఉత్తరానికీ డైరెక్టర్ ఆఫీసులో నంబరు వేసి ఒక నకలు ఫైల్లో పెడతారు.

ఆవిడ వెనక్కి వెళ్ళి రెండో గడిలో గుర్తు పెట్టింది. పదిమందిలో ఒకడు. కింది పెట్టె మూసుకుపోయింది.

ఉత్తరం మాత్రం ప్రేమగానే రాసింది. ఎంత జాగ్రత్తపరుడో, కొత్తవాళ్ళకి ఎంత ఓపిగ్గా నేర్పుతాడో రాసింది. సీసాల సంగతి రాయకపోతే బాగుండదని అదీ రాసింది. ‘పాత పేట నీటిలో సీసం ఉన్నట్టు మా ల్యాబ్ బయటపెట్టిన పరిశీలనలో అతను చురుగ్గా పాలుపంచుకున్నాడు.’

“అక్కా, కాస్త ఇది చూడు. భాషలో తప్పులుంటే చెప్పు.”

అక్క కళ్ళజోడు సర్దుకుని, పాత అలవాటు కొద్దీ చేతిలో పెన్సిల్ పట్టుకుని చదివింది. మూడో పేరా దగ్గర పెన్సిల్ ఆగింది.

“ఈ సీసాల గొడవ నా ఆపరేషన్ అప్పటిది కదూ?”

“ఆఁ, అప్పటిదే.”

“అప్పుడు నువ్వు నా మంచం పక్కనే ఉన్నావు కదే చిన్నీ. ఈ అబ్బాయేగా రోజూ ఫోన్ చేసి అంకెలు చెప్పేవాడు? నాకు మగత మగతగా ఉన్నా గుర్తుంది. ‘నువ్వు చెప్పేది నిజమేనా’ అని నువ్వు పదిసార్లు అడిగావు.”

“ల్యాబ్‌లో ఏ పనైనా మేనేజర్ పేరు మీదే వెళ్తుందక్కా.”

“అప్పటికింకా నువ్వు మేనేజర్‌వి కావుగా.”

ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. “నిన్నడిగింది భాష గురించి.”

అక్క ఆ కాగితం వంక కాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది. “భాషలో తప్పుల్లేవు,” అంది. మళ్ళీ పేపర్ అందుకుంది కానీ ఆ తర్వాత పేజీ తిప్పిన చప్పుడు రాలేదు.

మర్నాడు ఉత్తరాన్ని లెటర్‌హెడ్ మీద తీయించి, సంతకం పెట్టి, నంబరు వేయించి, స్కాన్ చేసి లింకులో ఎక్కించింది. ‘మీ ఉత్తరం అందింది, ఇకపై మార్పులు చేయడం కుదరదు’ అని తెర మీద వచ్చింది. నిదానానికి కూడా ఉత్తరం చేరిందని కబురు వెళ్ళినట్టుంది. పావుగంటలో అద్దాల గది గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“చాలా థాంక్స్ మేడమ్.”

“అప్పుడే ఏమైందని? రానీ,” అని ఆవిడ ఫైలు వంక చూస్తూ ఉండిపోయింది.

తర్వాత రెండు నెలలు ఆవిడకి ఆ సంగతి పెద్దగా గుర్తు రాలేదు. ఒకరోజు అతని భార్య ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. వెనక నుంచి ఎవరినో పిలుస్తున్న గొంతులు వినపడుతున్నాయి.

“మేడమ్, మీకు నేనే స్వయంగా చెప్పాలనిపించింది. అక్కడి ప్రొఫెసర్ గారు ఈయనతో వీడియోలో మాట్లాడారు. వ్యాసం చాలా నచ్చిందన్నారట. సిఫార్సు ఉత్తరాలు కూడా చూస్తే ఇక కమిటీ నిర్ణయమే అన్నారట. మీరు రాశారంటే ఇక వచ్చినట్టే మేడమ్. ఈయనెప్పుడూ అంటారు, తన పని తెలిసింది మీ ఒక్కరికేనని.”

“వస్తుందమ్మా, తప్పకుండా వస్తుంది,” అంది ఆవిడ. ఫోన్ పెట్టేశాక గ్లాసెడు మంచినీళ్ళు తాగింది. అతను వ్యాసంలో ఏం రాశాడో అడుగుదామా అని ఒక్కసారి అనిపించింది. అడగలేదు.

రాలేదు. ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ సంగతి తెలిసింది. అతనే వచ్చి చెప్పాడు, మామూలుగానే. సీటు వచ్చినవాళ్ళు చాలా సమర్థులట, సీట్లు తక్కువట. ల్యాబ్‌లో అందరూ ఆ యూనివర్సిటీవాళ్ళకే అదృష్టం లేదని అన్నారు. మీ దేశం నీళ్ళు మీరే ఉంచుకోండి పొమ్మను అని ఒకడు నవ్వించబోయాడు. నిదానం కూడా కాస్త నవ్వాడు. ఆ మధ్యాహ్నం పన్నెండు నీటి నమూనాలు పరీక్షించాడు, ఒక్క అంకె తేడా లేకుండా.

పది రోజులు పోయాక, సాయంత్రం అందరూ వెళ్ళిపోతున్న వేళకి మళ్ళీ వచ్చాడు. ఈసారి అయిదు నిమిషాలున్నాయా అని అడగలేదు. ఒక ఈమెయిల్ ప్రింట్ తీసి ఆవిడ ముందు పెట్టాడు.

“ఎందుకు రాలేదో తెలిస్తే బాగుపడదామని ప్రొఫెసర్ గారికి రాశాను మేడమ్. మామూలుగా చెప్పరట. ఆయన మంచివారు కాబట్టి చెప్పారు.”

నాలుగు వాక్యాలే. మీతో మాట్లాడ్డం నాకు నచ్చింది. మీకోసం కమిటీలో వాదించాను కూడా. కానీ వ్యాసంలో మీరు సొంతంగా చేశానని వివరించిన పరిశీలనకీ, దాని గురించి మీ సంస్థ ఉత్తరం చెప్పినదానికీ పొంతన కుదరలేదు. ఇలాంటి చోట కమిటీ ముందుకు వెళ్ళలేదు.

ఆవిడ రెండుసార్లు చదివింది. పైకి చూడలేకపోయింది.

“సీసాల సంగతే రాశాను మేడమ్,” అన్నాడు అతను. గొంతు పెంచలేదు. “నా అంతట నేను కనిపెట్టింది రాయమంటే, నాకు గుర్తొచ్చింది అదొక్కటే. తేదీలతో సహా రాశాను. ఇప్పుడు నాకే అనుమానమొస్తోంది. నేనేమైనా అబద్ధం రాశానా?”

“లేదు.”

“ఆ నాలుగు రోజులూ మీరు ఫోన్‌లో చెప్పినట్టే చేశానా? నాకలా గుర్తు లేదు. కానీ ఒక్కోసారి మనకి మనం ఎక్కువ వేసుకుంటాం కదా మేడమ్. అందుకే అడుగుతున్నా.”

“లేదయ్యా. నేనేమీ చెప్పలేదు. నువ్వు చెబుతుంటే విన్నాను, అంతే.” ఆవిడ ప్రింట్‌ని అతని వైపు జరిపింది. “అది నీ పని. మొత్తం నీదే. ఉత్తరంలో పాలుపంచుకున్నాడని రాశాను.”

 బయట ఎవరో యంత్రం ఆపేసినట్టున్నారు, ఎప్పుడూ వినపడే హోరు ఒక్కసారిగా ఆగింది.

“రిపోర్టు మీద మీ పేరు రాసుకున్నందుకు నాకేమీ అనిపించలేదు మేడమ్. ఆఫీసన్నాక అంతేగా అనుకున్నాను. కానీ వాళ్ళు నేను అబద్ధాలకోరునని అనుకున్నారు.” అతను ప్రింట్ చేతిలోకి తీసుకున్నాడు. “మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియట్లేదు. మీ గురించి చెప్పినట్టవుతుంది.”

ప్రింట్ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ ఆ సాయంత్రమే కుర్చీలోంచి కదలకుండా యూనివర్సిటీకి రాసింది. ప్రవేశాల ఆఫీసుకీ, ఆ ప్రొఫెసర్‌కీ. తన ఉత్తరం తప్పనీ, వ్యాసంలో ఉన్న ప్రతి అక్షరం నిజమనీ, తప్పు తను తెలిసి చేసిందేననీ రాసింది. నకలు డైరెక్టర్ ఆఫీసుకి తనే తీసుకెళ్ళి నంబరు వేయించింది.  ఆరు వారాలు టైమున్నప్పుడు ఇదే పని చెయ్యడానికి ఏం అడ్డొచ్చిందో ఆవిడకి అంతుపట్టలేదు.

నాలుగు రోజులకి జవాబొచ్చింది. మర్యాదగానే ఉంది. ఈ ఏడాది ఎంపిక ముగిసింది, స్కాలర్‌షిప్‌లు కేటాయించడం అయిపోయింది. కొత్త ఉత్తరాన్ని పాత దరఖాస్తుకి జతచేయడం కుదరదు. అభ్యర్థి వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రొఫెసర్ మాత్రం విడిగా ఒక్క వాక్యం రాశాడు. ‘అతనికి ఈ సంగతి తెలిసేలా చూడండి.’

డైరెక్టర్ గారు ఆవిణ్ణి పిలిచారు. నకలు ఆయన ముందుంది.

“ఆరేళ్ళ కిందటిది ఇప్పుడెందుకమ్మా తవ్వడం? ఎవరడిగారు మిమ్మల్ని?”

“ఎవరూ అడగలేదు సార్. అందుకే ఇన్నాళ్ళు పట్టింది.”

ఆయన నిట్టూర్చారు. చెడ్డమనిషి కాదు. రిపోర్టు అట్ట మార్పించి, ‘పరిశీలించినవారు’ అన్నచోట నిదానం అసలు పేరు వేయించారు. డైరెక్టర్ కుర్చీలోకి బయటినుంచి వేరొకాయన వచ్చాడు. ఆవిడ మేనేజర్‌గానే ఉండిపోయింది. ల్యాబ్‌లో కొందరికి అంతా తెలిసింది. గుడ్ మార్నింగ్ చెప్పేటప్పుడు వాళ్ళు కాస్త పక్కకి చూసేవాళ్ళు.  జవాబొచ్చిన రోజు సాయంత్రం ఆవిడ వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి ఏడుస్తుంటే, అక్క స్టవ్ కట్టేసి పక్కన వచ్చి నిలబడింది. “అప్పుడే నేను గట్టిగా అనాల్సింది. నోరు మూసుకున్నాను,” అంది. 

కొత్త అట్ట వేసిన రిపోర్టు నిదానానికి ఆవిడే ఇచ్చింది. అతను దాని మీద తన పేరు చదువుకున్నాడు. “బాగుంది మేడమ్,” అన్నాడు. సొరుగులో పెట్టుకున్నాడు.

“వయసు పరిమితి లేనివి వేరే కోర్సులున్నాయి. నేను వెతికాను. ఈసారి ఉత్తరం ముందు నీకు చూపించే పంపుతాను,” అంది ఆవిడ ఒకరోజు.

“చూడాలని కాదు మేడమ్. స్కాలర్‌షిప్ లేకపోతే మావల్ల కాదు. పైగా మళ్ళీ ఆ వ్యాసం రాద్దామని కూర్చుంటే, ప్రతి వాక్యం దగ్గరా ఇది నేనే చేశానా అని ఆగిపోతున్నాను.”

వానలు మొదలయ్యే ముందు అతను రాజీనామా ఇచ్చాడు. వేరే ఊళ్ళో నూనెల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని దొరికిందట. అతని భార్యకి కూడా అక్కడి ఆసుపత్రిలో అవకాశం ఉందట. వెళ్ళేముందు అనుభవ ధ్రువపత్రం కావాలని అడిగాడు. ఆవిడ ఆ ముందురోజు ఇంటి దగ్గరే కూర్చుని రెండు పేజీలు రాసుకొచ్చింది. ఆరేళ్ళ కిందటి నాలుగు రోజులూ పూసగుచ్చినట్టు అందులో ఉన్నాయి.

అతను నిలబడే మొదటి పేజీ చదివాడు. రెండోది చదవలేదు. రెండూ కలిపి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“పనిచేసిన తేదీలు, హోదా. ఆ రెండూ చాలు మేడమ్.”

“ఎందుకయ్యా? అంతా నిజమే రాశాను.”

“తెలుసు మేడమ్. తేదీలైతే ఎవరూ ఏమీ అనుకోరు.”

ఆవిడ మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. మూడు వరుసలు కొట్టి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి ఇచ్చింది. అతను చదివాడు.

“చేరింది పదకొండున మేడమ్. ఇక్కడ పన్నెండని పడింది.”

“అయ్యో, అవునా?”

హాజరుపట్టీ తెప్పించి చూస్తే పదకొండే. ఆవిడ దిద్ది మళ్ళీ తీసింది. ప్రింటర్‌లోంచి కాగితం వచ్చేదాకా ఇద్దరూ దానివైపే చూస్తూ నిలబడ్డారు. అతను ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని, మూడో అరలో ఉన్న ఆమ్లం సీసాలకి గడువు దగ్గరపడిందనీ, కొత్తవి వచ్చేదాకా వాటితో పని చెయ్యొద్దని ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి చెప్పమనీ చెప్పాడు. చెబుతానంది. అతను నమస్కారం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆవిడ మూడో అర దగ్గరికి వెళ్ళి సీసాలు ఒక్కొక్కటీ తీసి, వెలుతురులో పట్టుకుని తేదీలు చదవసాగింది.